పదో తరగతి రిజల్ట్‌లో కనిపించని ఆరుగురు పిల్లలు: స్కూల్ విజన్ ఎలా రాసుకోవాలి

ఏ హైస్కూల్‌కి వెళ్ళినా హెచ్‌ఎం గారి గది దగ్గర ఒక బోర్డు కనిపిస్తుంది. "నాణ్యమైన విద్యను అందించి, విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధికి తోడ్పడి, వారిని ఉత్తమ పౌరులుగా తీర్చిదిద్దడం మా ధ్యేయం." అటూ ఇటుగా అన్ని చోట్లా ఇదే మాట. ఇందులో తప్పేమీ లేదు, దీన్ని కాదనేవాళ్ళూ ఉండరు. కానీ ఈ బోర్డు చదివి రేపు ఆరో తరగతి మొదటి పీరియడ్‌లో ఏ టీచరైనా ఏదైనా వేరుగా చేస్తారా అంటే, చేయరు. చేయడానికి అందులో ఏమీ చెప్పలేదు కాబట్టి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. విజన్, మిషన్ అనేవి ఇన్‌స్పెక్షన్ కోసం రాసుకునే కాగితాలని స్టాఫ్‌రూమ్‌లో చాలామంది నమ్మకం. నేను నమ్మను. స్టాఫంతా కూర్చుని నిజంగా రాసుకుంటే ఒక స్కూల్ తన పని తీరు మార్చుకోవడానికి ఇంతకంటే చవకైన దారి లేదని నా గట్టి అభిప్రాయం. కాకపోతే మనం దాన్ని తలకిందులుగా రాస్తున్నాం. ముందు అందమైన వాక్యం, తర్వాత దాని కింద నాలుగు మంచి మాటలు, చివర్లో వీలైతే ఒక టార్గెట్. నేను చెప్పేది దీనికి సరిగ్గా ఎదురు. ముందు పిల్లల్ని లెక్కపెట్టాలి, తర్వాత మన చేతిలో ఏముందో తేల్చుకోవాలి, ఆ తర్వాత మాట ఇవ్వాలి. విజన్ వాక్యం రాయాల్సింది ఆఖర్న.

కాగితం మీద మనకి ఇలాంటి ప్రణాళికల కొరతేమీ లేదు. విద్యాహక్కు చట్టం 2009లోని 22వ సెక్షన్ స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీని స్కూల్ అభివృద్ధి ప్రణాళిక తయారుచేయమంటుంది. 2015లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం శాలా సిద్ధి, స్కూల్ తనను తాను 7 రంగాల్లో, 46 ప్రమాణాల మీద అంచనా వేసుకుని, ఆ తర్వాత మెరుగుదల ప్రణాళిక రాసుకోమంటుంది. స్కూల్‌ని అన్ని వైపుల నుంచీ చూడటానికి ఆ 46 పనికొస్తాయి, నేను కాదనను. కానీ ఏడాదికి 46 మాటలు ఎవరూ నిలబెట్టుకోలేరు. మూడో నాలుగో ఎంచుకోవాలి. ఆ ఎంపిక స్టాఫ్ చేతుల మీదుగా జరగాలి, లేకపోతే జూలైలోనే మర్చిపోతారు.

స్టాఫ్ చేతుల మీదుగా అంటే ఏమిటి? మామూలుగా జరిగేది ఇది. హెచ్‌ఎం గారు ఒక డ్రాఫ్ట్ తెస్తారు, చదువుతారు, "ఎవరికైనా ఏమైనా అభ్యంతరాలున్నాయా?" అని అడుగుతారు. ఎవరూ మాట్లాడరు. మినిట్స్ పుస్తకంలో "సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు" అని రాసి చుట్టూ తిప్పితే అందరూ సంతకాలు పెడతారు. దీన్ని సంప్రదింపు అనలేం. మా దగ్గర ఈసారి వేరే పద్ధతి పెట్టారు. మాటలు మొదలవకముందే అందరికీ రెండు చీటీలు ఇచ్చారు, పేరు రాయక్కర్లేదు. మొదటి చీటీలో: మన స్కూల్లో చదివి వెళ్ళే పిల్లకు కచ్చితంగా ఏం వచ్చి ఉండాలి? రెండో చీటీలో: ఇప్పుడు అది రాకుండా ఏం అడ్డుపడుతోంది? చీటీలు అటెండర్‌కీ, మధ్యాహ్న భోజనం వండే అక్కలకీ కూడా ఇచ్చారు. రాయడం ఇబ్బందిగా ఉన్నవాళ్ళు చెబితే పీఈటీ సార్ రాసిపెట్టారు.

మొదటి చీటీల్లో ఊహించినవే వచ్చాయి: క్రమశిక్షణ, మంచి మార్కులు, ఇంగ్లీష్, పెద్దల పట్ల గౌరవం. అసలు సరుకంతా రెండో చీటీల్లో ఉంది. "ఆరో తరగతికి వచ్చేవాళ్ళలో కొందరు తెలుగు పేరా చదవలేరు, వాళ్ళకి నేను ఫిజికల్ సైన్స్ ఎలా చెప్పను?" అని ఒకరు. "మొదటి పీరియడ్ సగం ఫోన్‌లో అప్‌లోడ్‌లకే పోతోంది" అని ఒకరు. "టీచర్ సెలవు పెట్టిన రోజు ఆ క్లాసు వరండాలోనే ఉంటుంది, కిటికీలోంచి నాకు కనిపిస్తుంది" అని వంటగదిలోంచి ఒకరు. ఈ ఆఖరిది చదివినప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. స్టాఫ్ మీటింగ్‌లో ఏ టీచరూ ఇంకో టీచర్ ముందు ఈ మాట అనరు. పేరు లేని చీటీ అంటుంది.

ఆ తర్వాత మాట్లాడే వరసలో కూడా ఒక చిన్న జాగ్రత్త తీసుకున్నారు. సర్వీసులో అందరికంటే చిన్నవాళ్ళు ముందు, హెచ్‌ఎం గారు అందరికంటే చివర. పెద్దవాళ్ళు ముందు మాట్లాడితే చిన్నవాళ్ళు వాళ్ళ మాటనే ఇంకోసారి చెబుతారు, మన దగ్గర మర్యాద అలాంటిది. డ్రాఫ్ట్ రాసే పని ముగ్గురికి అప్పగించి, దాన్ని స్టాఫ్‌రూమ్‌లో వారం రోజులు అంటించి పక్కనే పెన్ను కట్టి ఉంచారు. ఎవరు ఏ మాట కొట్టేసినా దానికి డ్రాఫ్ట్ రాసినవాళ్ళు జవాబివ్వాలి: మార్చాం, లేదా ఫలానా కారణంతో మార్చలేదు అని. ఆ జవాబు రాని చోట సంప్రదింపు జరగనట్టే లెక్క.

ఇక అసలు గొడవ దగ్గరికి వస్తాను. ఆ కాగితం మీద అందరికంటే ముందు రాసినది, అందరికంటే ఎక్కువసార్లు కొట్టివేతలు పడినది ఒకటే వాక్యం: "పదో తరగతిలో 100 శాతం ఉత్తీర్ణత సాధిస్తాం." కొలవగలిగిన హామీ కావాలంటే అందరికీ ముందు తట్టేది ఇదే. దీనికి అంకె ఉంది, గడువు ఉంది, పేపర్లో వస్తుంది. అయినా ఇది చెడ్డ హామీ అని మా మ్యాథ్స్ మేడమ్ గారు పట్టుబట్టారు. ఆవిడ పక్షాన నేనూ నిలబడ్డాను.

ఎందుకో ఒక లెక్కతో చెప్తాను. అంకెలు ఉదాహరణకే. ఐదేళ్ళ కిందట ఆరో తరగతిలో 60 మంది చేరారనుకుందాం. వాళ్ళలో 9 మంది టీసీ తీసుకుని వేరే స్కూల్‌కి వెళ్ళారు, అక్కడ చదువుతున్నారు. 6 మంది టీసీ తీసుకోలేదు, రావడం మానేశారు. మిగిలిన 45 మంది పరీక్ష రాసి 43 మంది పాసయ్యారు. రిజల్ట్ ఎంత? 45లో 43, అంటే 95.6 శాతం. స్వీట్లు పంచుకోవచ్చు. కానీ మన బాధ్యతగా ఉండాల్సిన పిల్లలు ఎందరు? 60లో టీసీతో వెళ్ళిన 9 మందిని తీసేస్తే 51. ఆ 51లో 43 అంటే 84.3 శాతం. మానేసిన ఆ ఆరుగురు మొదటి లెక్కలో అసలు పుట్టనే లేదు. ఒకమ్మాయికి తొమ్మిదిలో పెళ్ళయి ఉండొచ్చు, ఒకబ్బాయి మెకానిక్ షెడ్డులో ఉండొచ్చు. స్కూల్ విజన్‌లో "ప్రతి విద్యార్థి" అని రాసి ఆ ఆరుగురిని లెక్కలోంచి వదిలేయడం నాకు మింగుడు పడదు.

ఇంకా పెద్ద చిక్కు ఏమిటంటే, 100 శాతం అని గోడ మీద రాసిన మరుక్షణం నుంచి ఆ అంకె స్టాఫ్ ప్రవర్తనను మార్చేస్తుంది. పాస్ మార్కు 35. ప్రీ ఫైనల్‌లో 28, 30 వచ్చినవాళ్ళ మీద అందరి దృష్టీ పడుతుంది, వాళ్ళకే సాయంత్రం క్లాసులు, వాళ్ళకే గైడ్‌లోని ముఖ్యమైన ప్రశ్నలు. 80 వచ్చే పిల్లను ఇంకా ముందుకు తీసుకెళ్ళాలన్న ఆలోచన ఎవరికీ రాదు. 10 వచ్చేవాడి సంగతి ఇంకా ఘోరం. పరీక్ష రాసేవాళ్ళ పేర్ల జాబితా, అంటే నామినల్ రోల్స్, పంపే ముందు వాళ్ళ నాన్నను పిలిచి "వీడికి ఓపెన్ స్కూల్ అయితే మేలండీ" అని నచ్చజెప్పిన సందర్భాలు నా సర్వీసులో చూశాను. ఆ టీచర్లు చెడ్డవాళ్ళు కాదు, అంకె వాళ్ళను అలా నెట్టింది. అంచేత హామీ రాసేటప్పుడు మొదట అడగాల్సింది "ఎంత శాతం?" అని కాదు, "ఎంతమందిలో?" అని. మేము చివరికి రాసుకున్న వాక్యం ఇది: "ఆరో తరగతిలో చేరి, టీసీతో వేరే స్కూల్‌కి వెళ్ళని పిల్లల్లో ఎంతమంది పదో తరగతి పాసై వెళ్ళారో ప్రతి ఏడాదీ చెబుతాం. వరసగా 10 రోజులు బడికి రాని పిల్ల ఇంటికి ఆ వారంలోనే క్లాస్ టీచర్ వెళ్తారు." మొదటి సగం అడ్మిషన్ రిజిస్టర్, టీసీ పుస్తకం పక్కపక్కన పెట్టుకుంటే ఒక పూటలో తేలుతుంది. పిల్లల వివరాలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో, ఏ స్కూల్లోనూ చేరకుండా డ్రాప్ బాక్స్‌లో మిగిలిపోయిన పేర్లతో సరిచూసుకుంటే ఇంకా మంచిది. రెండో సగం పూర్తిగా మా చేతిలో ఉన్న పని.

మన చేతిలో ఉన్నదీ లేనిదీ విడదీయడం దగ్గరే స్టాఫ్‌ని అడగడం వల్ల అసలు లాభం కనిపిస్తుంది. పైనుంచి వచ్చిన టార్గెట్‌లో ఈ విభజన ఉండదు. వంటగది చీటీలో చెప్పిన వరండా క్లాసు సంగతే చూడండి. "ఏ క్లాసూ 10 నిమిషాలకు మించి టీచర్ లేకుండా ఉండదు" అని డ్రాఫ్ట్‌లో రాస్తే సగం మంది ఒప్పుకోలేదు. ట్రైనింగ్‌కి పిలిచినప్పుడు, ఎన్నికల డ్యూటీ వేసినప్పుడు మేమేం చేస్తాం అన్నారు. న్యాయమైన మాటే. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ టీచర్లను చదువుకు సంబంధం లేని పనులకు వాడొద్దంటూనే జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలను మినహాయించింది. కాబట్టి ఆ రోజుల్లో సర్దుబాటు కుదరక క్లాసు ఖాళీగా ఉంటే ఆ తప్పు స్టాఫ్‌ది కాదు. దీనికి దొరికిన పరిష్కారం చాలా సాదాది. సర్దుబాటు పీరియడ్లు రాసే రిజిస్టర్ ఎలాగూ ఉంది. అందులో ఇంకో గడి గీసి, ఖాళీగా పోయిన ప్రతి పీరియడ్‌కి కారణం రాస్తారు: మా సెలవా, పై నుంచి వచ్చిన పనా. హామీ మొదటి రకానికే. రెండో రకం లెక్క నెలాఖరున ఎంఈవో గారికీ, కమిటీకీ వెళ్తుంది. అప్పటివరకూ అడ్డంగా మాట్లాడినవాళ్ళు ఈ మార్పు తర్వాత వాళ్ళంతట వాళ్ళే సంతకం పెట్టారు. తమ లోపంతో పాటు తమ కష్టం కూడా లెక్కకు ఎక్కుతుందంటే ఎవరికైనా ఒప్పుకోవడం తేలిక.

మూడో హామీ చదవడం గురించి. ఇది కాస్త నింపాదిగా చెప్పాలి, ఎందుకంటే కొలవడంలో వచ్చే తప్పులన్నీ ఇక్కడే దొరుకుతాయి.

"ఆరో తరగతి పిల్లలందరికీ చదవడం నేర్పిస్తాం" అని రాస్తే అది మళ్ళీ బోర్డు మీద మాటే. చదవడం అంటే ఏది? ఏసర్ సర్వేలో వాడే పద్ధతి దేశమంతా తెలిసినదే: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి చిన్న కథ. పిల్లను ఒక్కదాన్నే పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తారు, ఆ పిల్ల ఎంతవరకు తడబడకుండా చదివితే అది తన మెట్టు. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతి చివరికి నిమిషానికి 60 పదాలు అర్థంతో చదవాలని లక్ష్యం పెట్టింది. మా తెలుగు మేడమ్ గారు దీన్ని మన హామీలోకి తేవద్దన్నారు. "చదువుకోవాలనుకుంటున్నాడు" అన్నది తెలుగులో ఒకటే పదం, ఇంగ్లీష్‌లో అదే మాటకు నాలుగైదు కావాలి. వాచీ పట్టుకుని పదాలు లెక్కపెడితే పిల్లలు గడగడా చదవడం నేర్చుకుంటారు, ఏం చదివారో అడిగితే చెప్పలేరు. అందుకని వేగం వదిలేసి, కథ చదివాక దాని మీద రెండు ప్రశ్నలకు సొంత మాటల్లో జవాబు చెప్పాలని పెట్టుకున్నాం.

ఇప్పుడు లెక్క. మళ్ళీ ఉదాహరణగానే, క్లాసులో 40 మంది అనుకుందాం. ఒక్కొక్కరికి 5 నిమిషాలు పట్టినా మొత్తం 200 నిమిషాలు, అంటే ఇద్దరు టీచర్లు రెండు రోజులు రెండేసి పీరియడ్లు కూర్చుంటే అయిపోతుంది. జూన్ చివర్లో ఈ పరీక్ష పెడితే 14 మంది కథ చదవలేకపోయారనుకోండి. హామీ ఏమని రాయాలి? 14కి 14 అని రాయాలనిపిస్తుంది. కానీ ఆ 14లో ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో చూడాలి. 8 మంది పేరా వరకు వచ్చారు, 4 మంది పదాల దగ్గర ఆగారు, ఇద్దరికి అక్షరాలే సరిగ్గా రావు. ఇక టైమ్ చూడాలి. జూలై మొదటి నుంచి ఫిబ్రవరి చివరి వరకు సుమారు 34 వారాలు. దసరా, సంక్రాంతి, పరీక్షలు, వానలకు పోయినవి తీసేస్తే 26 వారాలు మిగిలాయనుకుంటే, వారానికి 4 రోజులు అరగంట చొప్పున 104 సార్లు, 52 గంటలు. ఈ 52 గంటల్లో పేరా దగ్గర ఉన్న 8 మందీ కథకు వస్తారని ధైర్యంగా చెప్పొచ్చు. పదాల దగ్గర ఉన్న నలుగురిలో ఇద్దరు కథకు వస్తారని చెప్పొచ్చు. మిగిలిన నలుగురు కనీసం ఒక మెట్టు ఎక్కాలి. కాబట్టి హామీ: 14లో 10 మంది కథ చదువుతారు, మిగిలిన ప్రతి ఒక్కరూ ఒక మెట్టు పైకి వస్తారు, దానికోసం వారానికి 4 అరగంటలు టైమ్‌టేబుల్లోనే ఉంటాయి. చూడటానికి 100 శాతం అంత గొప్పగా ఉండదు. కానీ ఇందులో ప్రతి అంకె వెనక ఒక పిల్ల ఉంది, ఒక పీరియడ్ ఉంది. పేర్లు మాత్రం స్టాఫ్ దగ్గర ఉండే షీట్‌లోనే ఉండాలి, గోడ మీదకు అంకెలే వెళ్ళాలి. "అక్షరాలు రానివాడు" అని పిల్లాడి పేరు బోర్డు మీద పెడితే వాడు మర్నాటి నుంచి బడికి రాడు.

దీనిలో ఎక్కడ మోసం జరగొచ్చో కూడా ముందే మాట్లాడుకోవాలి. క్లాస్ టీచరే జూన్‌లో పరీక్ష పెట్టి, క్లాస్ టీచరే ఫిబ్రవరిలో పెడితే, జూన్‌లో అంకెలు ఉన్నదానికంటే తక్కువగా, ఫిబ్రవరిలో ఎక్కువగా వస్తాయి. కావాలని చేయనక్కర్లేదు, నోట్లోంచి వచ్చిన సగం పదాన్ని ఒకసారి తప్పుగా, ఇంకోసారి ఒప్పుగా తీసుకుంటే చాలు. అందుకని రెండుసార్లూ వేరే క్లాసు టీచర్ పరీక్ష పెట్టాలి. కథ కూడా ప్రతిసారీ కొత్తది కావాలి, లేకపోతే పిల్లలు బట్టీ కొట్టి అప్పజెబుతారు. మధ్యలో నవంబర్‌లో హెచ్‌ఎం గారు ఎవరో ఐదుగురు పిల్లల్ని చీటీ తీసి, తన గదిలో చదివించాలి. రిజిస్టర్లో ఉన్న మెట్టుకీ, అక్కడ చదివినదానికీ ఇద్దరి విషయంలో తేడా వచ్చినా ఆ క్లాసుకు మళ్ళీ పరీక్ష పెట్టాలి. నెలనెలా అంకెలు మెట్లు కట్టినట్టు ఒకే తీరున పెరుగుతూ పోతుంటే అనుమానించాలి. పిల్లలు అలా నేర్చుకోరు. దసరా తర్వాత వెనక్కి వెళ్తారు, పత్తి తీతల రోజుల్లో కొందరు బడికే రారు, ఆ ఒడుదుడుకులు కాగితం మీద కనిపించాలి.

ఇంకొక్క షరతు ఉంది, దీన్ని రాతపూర్వకంగా పెట్టించుకున్నాం. ఈ అంకెలను ఏ టీచర్ మీదా మెమో ఇవ్వడానికి వాడకూడదు. హెచ్‌ఎం గారు దీనికి వెంటనే ఒప్పుకోలేదు. "మరి అంకె తగ్గితే అడిగేదెవరు?" అన్నారు. మా జవాబు: అడగండి, స్టాఫ్ మీటింగ్‌లో అందరి ముందూ అడగండి, ఆ 52 గంటల్లో ఎన్ని నిజంగా జరిగాయో చూడండి. 20 గంటలే జరిగి ఉంటే పని జరగలేదని తెలుస్తుంది. 52 జరిగినా పిల్లలు కదలకపోతే పద్ధతిలో లోపం ఉంది, అది టీచర్‌ని దండిస్తే బాగుపడేది కాదు. ఈ రెండూ వేర్వేరు రోగాలు. పిల్లల మార్కులు మాత్రమే రాసుకుని, మనం చేసిన పని రాసుకోకపోతే ఏ రోగమో ఎప్పటికీ తెలియదు.

ఇవన్నీ తేలాక విజన్ రాయడానికి ఒక గంట కూడా పట్టలేదు. "మా స్కూల్లో చేరిన ప్రతి పిల్లా పిల్లవాడూ పదో తరగతి పూర్తి చేయాలి. వెళ్ళేనాటికి పేపర్ చదివి విషయం తన మాటల్లో చెప్పగలగాలి, ఇంటి ఖర్చూ పొలం లెక్కా వేయగలగాలి, ఏ ఆఫీసులోనైనా నిలబడి తనకు కావాల్సింది అడగగలగాలి." మిషన్ ఇంకా చిన్నది: "పిల్లలు ఎక్కడున్నారో అక్కడి నుంచి మొదలుపెడతాం. ఏ క్లాసునీ ఖాళీగా ఉంచం. బడికి రాని పిల్ల కోసం ఇంటికి వెళ్తాం." దాని కింద మూడు హామీలు, ఒక్కోదాని పక్కన ఏ రిజిస్టర్లో చూడాలో, ఎవరు కొలుస్తారో. ఆఫీసులో అదివరకున్న వాక్యం కంటే ఇది పొడుగే. కానీ కమిటీ సమావేశంలో చదివినప్పుడు ఒక తల్లి "ఇంటికి ఎవరొస్తారు, క్లాస్ టీచరేనా?" అని అడిగింది. పాత బోర్డును చూసి ఏ తల్లీ ఏ ప్రశ్నా అడిగినట్టు నాకు గుర్తులేదు.

దీనికున్న పెద్ద గండం బదిలీలు. సర్కారు బడిలో ఒక్క వేసవిలో సగం స్టాఫ్ మారిపోవచ్చు, హెచ్‌ఎం గారే మారొచ్చు. కొత్తగా వచ్చినవాళ్ళు చీటీలు రాయలేదు, వాదించలేదు, వాళ్ళకు ఇది మళ్ళీ ఎవరో ఇచ్చిన కాగితమే అవుతుంది. అందుకని ఛార్జ్ అప్పగించేటప్పుడు క్యాష్ బుక్, స్టాక్ రిజిస్టర్లతో పాటు ఈ షీట్లు కూడా అప్పగింత జాబితాలో చేర్చాలని తీర్మానం రాసుకున్నాం. జూన్ మొదటి స్టాఫ్ మీటింగ్‌లో కొత్తవాళ్ళకూ రెండు చీటీలు ఇస్తారు. హామీల్లో అంకెలు మార్చమనే హక్కు వాళ్ళకుంది, కాకపోతే గత ఏడాది షీట్లు చూసి, ఆరో తరగతి పిల్లలు ఐదుగురిని స్వయంగా చదివించి విన్న తర్వాతే.